బిల్డర్‌కు రాసిన ఒక ఉత్తరం: ఏడాదికి పైగా వాడి చూశాక

మహబూబ్‌నగర్‌లో జడ్చర్ల వైపు కడుతున్న అపార్ట్‌మెంట్‌లో 42 లక్షలకు ఫ్లాట్ కొన్నాను. అగ్రిమెంటు ప్రకారం, అదనపు గడువు కూడా కలిపి, 2024 మార్చి 31 నాటికి ఫ్లాటు నా చేతికి రావాలి. డిసెంబరులో వచ్చింది ఫ్లాటు కాదు, డిమాండ్ లెటరు. చివరి విడత 8,40,000తో పాటు ‘ఆలస్యపు వడ్డీ 21,817’ కట్టమని అందులో ఉంది. దానికి జవాబుగా 2025 జనవరి 2న రాసిన ఉత్తరం ఎక్కడ పనికొచ్చిందో, ఎక్కడ తప్పు చేశానో చెప్పడానికే ఈ సమీక్ష రాస్తున్నాను.

ఆ వడ్డీ 2023లో నేను ఆలస్యంగా కట్టిన 4,20,000 విడతకు సంబంధించినది. ఐదో శ్లాబ్ పూర్తయిందంటూ మార్చి 1న డిమాండ్ పంపారు. బ్యాంకు లోను విడుదల కావడం ఆలస్యమై నేను మే 19న కట్టాను. బిల్డరు మార్చి 1 నుంచే, 79 రోజులకు, ఏడాదికి 24 శాతం చొప్పున వడ్డీ లెక్క వేశారు. అయితే మార్చి 1న నేను సైటు దగ్గర తీసిన ఫొటోలో ఐదో అంతస్తు మీద సెంట్రింగ్ కర్రలు, కట్టిన ఇనుము తప్ప కాంక్రీటు లేదు. శ్లాబ్ పోసింది 5న. అగ్రిమెంటులో ఉన్న 15 రోజుల గడువు కలిపితే కట్టాల్సిన తేదీ 20 అవుతుంది, అంటే నా ఆలస్యం 60 రోజులే.

ఇక వడ్డీ రేటు సంగతి. ఇళ్ళ కొనుగోలుదారులకు రక్షణగా ఉన్న రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, అంటే రెరా చట్టం, సెక్షన్ 2లో ‘వడ్డీ’ నిర్వచనం ప్రకారం కొనుగోలుదారు నుంచి బిల్డరు ఏ రేటు వసూలు చేస్తారో, తాను ఆలస్యం చేసినప్పుడు కూడా అదే రేటు ఇవ్వాలి. తెలంగాణ నియమాల ప్రకారం ఆ రేటు, లోన్లకు స్టేట్ బ్యాంకు ఆధారంగా పెట్టుకునే ఎం.సి.ఎల్.ఆర్. అనే వడ్డీ రేట్లలో అత్యధికమైనదానికి 2 శాతం కలిపినంత. బ్యాంకు రేటు మారుతుంటుంది గనుక ఎవరైనా రాసే రోజున చూసుకోవాలి. నేను లెక్క సులువుగా ఉండాలని 11 శాతం తీసుకున్నాను. ఆ ప్రకారం నేను ఇవ్వాల్సింది 7,595 రూపాయలు. అంత మేరకు బాకీ ఉన్నానని ఉత్తరంలోనే ఒప్పుకున్నాను. మన తప్పు మనమే ముందు ఒప్పుకుంటే మిగతా లెక్కకు బలం వస్తుందని నా నమ్మకం, అది నిజమే అయింది.

అదే రేటును ఎదుటివైపు కూడా వేశాను. సెక్షన్ 18 ప్రకారం ఫ్లాటు వద్దనుకోని కొనుగోలుదారుకు, తాళాలు ఇచ్చేవరకు ఆలస్యమైన ప్రతి నెలకూ వడ్డీ రావాలి. గడువు తేదీ నాటికే నేను కట్టినది 33,60,000. దానిపై నెలకు 30,800. తొమ్మిది నెలలకు 2,77,200 అడిగాను. అగ్రిమెంటులో చదరపు అడుగుకు నెలకు 5 రూపాయలే పరిహారం అని రాసి ఉందని బిల్డరు జవాబిచ్చారు. నా 1,150 అడుగులకు అది నెలకు 5,750 మాత్రమే. ఒకే పత్రంలో కొనుగోలుదారుకు 24 శాతం, తనకు మాత్రం అయిదు రూపాయలు! ఇలాంటి ఏకపక్ష షరతులు కొనుగోలుదారును కట్టిపడేయలేవని 2019లో సుప్రీంకోర్టు చెప్పిన సంగతి రెండో ఉత్తరంలో రాశాను.

తప్పు ఎక్కడ చేశానంటే, అద్దె భారం, మనోవేదన కూడా అదే ఉత్తరంలో, అదే మొత్తంలో కలిపేశాను. ఆలస్యపు వడ్డీని రెరా అథారిటీ ముందు ఫారం ఎంలో అడగాలి. పరిహారాన్ని ఫారం ఎన్‌లో అడ్జుడికేటింగ్ అధికారి ముందు వేరుగా అడగాలి. కలిపి రాయడం వల్ల ఏది వడ్డీ, ఏది పరిహారం అని విడదీసి లెక్కలన్నీ మళ్ళీ రాయాల్సి వచ్చింది.

ఉత్తరం రిజిస్టర్ పోస్టులో వెళ్ళింది. బిల్డరు ఆఫీసు ముద్రతో తిరిగి వచ్చిన అక్‌నాలెడ్జ్‌మెంట్ కార్డు తరువాత ఫిర్యాదుకు జతచేశాను. నెలలోపే 21,817ను 7,595కు సవరించి కొత్త డిమాండ్ పంపారు. వాళ్ళు నాకు ఇవ్వాల్సిన ఆలస్యపు వడ్డీ సంగతి మాత్రం ఎత్తలేదు.

తాళాలు మే నెలాఖరున, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే, చేతికి వచ్చాయి. ఆ రోజు ‘ఇక ఏ క్లెయిమూ లేదు’ అనే కాగితం ముందు పెట్టారు. సంతకం చేయకుండా, వడ్డీ హక్కు వదులుకోవడం లేదని ఒక వాక్యం రాసి, చివరి విడత కట్టి తాళాలు తీసుకున్నాను. పద్నాలుగు నెలలకు 4,31,200 కోరుతూ ఫారం ఎం వేశాను. రెండో వాయిదాకు ముందే బిల్డరు మూడు లక్షలు ఇస్తామన్నారు. నేను ఒప్పుకోలేదు, విచారణ సాగుతోంది.