అరబీలో ‘క్రియ ముందుంటే ఏకవచనం’: ఏళ్ల తరబడి వాడాక ఈ సూత్రం మీద సమీక్ష

పత్రికల్లో, పుస్తకాల్లో, ఖుర్ఆన్‌లో కనిపించే ప్రామాణిక అరబీ నేర్చుకునేవాళ్ళకు మొదటి నెలల్లోనే చెప్పే సూత్రం ఇది: కర్త కంటే క్రియ ముందు వస్తే క్రియ ఏకవచనంలో ఉంటుంది, కర్త ముందు వస్తే క్రియ దాని వచనాన్ని అనుసరిస్తుంది. ఒక్క వాక్యంలో ఇమిడిపోయే సూత్రమే. చదవడానికీ రాయడానికీ రోజూ వాడిచూస్తే ఇది ఎక్కడ నిలబడుతుందో, ఎక్కడ తప్పుదారి పట్టిస్తుందో తెలుస్తుంది.

ముందు నిలబడే చోటు. ‘ఉపాధ్యాయులు రాశారు’ అనడానికి రెండు దారులున్నాయి. (పదాలు విడివిడిగా కనబడాలని సంధి కలపకుండా రాస్తున్నాను.)

కతబ అల్-ముదర్రిసూన
అల్-ముదర్రిసూన కతబూ

‘కతబ’ అంటే నిజానికి ‘రాశాడు’. ఉపాధ్యాయులు వందమంది ఉన్నా మొదటి వాక్యంలో అది ‘కతబ’గానే ఉంటుంది. రెండో వాక్యంలో ‘కతబూ’, అంటే ‘రాశారు’. ఇద్దరే అయితే అరబీలో ద్వివచనం వేరే ఉంది: ‘కతబ అల్-ముదర్రిసాని’, కానీ ‘అల్-ముదర్రిసాని కతబా’. స్త్రీలయితే ‘కతబత్ అల్-ముదర్రిసాతు’, ‘అల్-ముదర్రిసాతు కతబ్న’. ఈ చివరి జతలో సూత్రం చెప్పకుండా వదిలేసిన సంగతి ఒకటుంది. ముందొచ్చిన క్రియ వచనాన్ని పట్టించుకోదు గాని లింగాన్ని పట్టించుకుంటుంది. ‘కతబత్’లోని ‘త్’ స్త్రీలింగానిది. ‘క్రియ ముందుంటే మారదు’ అని కుదించి నేర్చుకున్నవాళ్ళు ‘త్’ను మింగేసేది ఇక్కడే.

తెలుగువాళ్ళకు ఇది ఒంటికి పట్టకపోవడానికి కారణముంది. ‘పిల్లలు వచ్చారు’ అన్నా ‘వచ్చారు పిల్లలు’ అన్నా మన క్రియ కదలదు, రెండు చోట్లా బహువచనమే. ఆ అలవాటుతో ‘కతబూ అల్-ముదర్రిసూన’ అని రాసేస్తాం. గల్ఫ్‌లో పనిచేస్తూ చెవితో అరబీ నేర్చుకున్నవాళ్ళకు ఇంకో చిక్కు ఉంది. అక్కడి వాడుక మాటల్లో క్రియ ముందొచ్చినా బహువచనం ధారాళంగా వినిపిస్తుంది. అందుకే పత్రిక చేతికి తీసుకుంటే మొదటి వాక్యమే తప్పుగా అచ్చయినట్టు కనిపిస్తుంది.

సూత్రం ఏం జరుగుతుందో చెబుతుంది, ఎందుకో చెప్పదు. నా లెక్కలో దాని పెద్ద లోపం ఇదే, ఎందుకంటే ఆ ‘ఎందుకు’ తెలిస్తే మిగతా చిక్కుల్లో చాలావరకు వాటంతటవే విడిపోతాయి. ఇరాక్‌లోని బస్రా నగరపు పాతకాలపు వ్యాకర్తల వివరణ ప్రకారం ‘కతబూ’లోని ‘ఊ’ వట్టి బహువచన ప్రత్యయం కాదు, అది ‘వాళ్ళు’ అనే సర్వనామం. ‘కతబా’లోని ‘ఆ’, ‘కతబ్న’లోని ‘న’ కూడా సర్వనామాలే. ఒక క్రియకు కర్త ఒక్కటే ఉండాలి, అదీ క్రియ తర్వాతే ఉండాలి. ‘కతబ అల్-ముదర్రిసూన’లో ఆ స్థానంలో ‘ఉపాధ్యాయులు’ అనే నామవాచకం కూర్చుంది కాబట్టి ‘ఊ’కు చోటు లేదు. ‘అల్-ముదర్రిసూన కతబూ’లో ముందున్న నామవాచకం వాళ్ళ లెక్కలో కర్తే కాదు, అది వాక్యానికి మొదలు. అసలు కర్త క్రియ లోపలున్న ‘ఊ’. ‘ఉపాధ్యాయులు — వాళ్ళు రాశారు’ అన్నట్టు. ‘కతబత్’లో ‘త్’ మాత్రం సర్వనామం కాదు, లింగాన్ని చూపే గుర్తు. అందుకే అది నామవాచకం పక్కన కూడా ఇబ్బంది లేకుండా ఉండగలదు. ఇరాక్‌లోనే ఉన్న కూఫా నగరపు వ్యాకర్తలు కర్త క్రియకు ముందు రావచ్చన్నారు గానీ, రోజువారీ పనికి బస్రా లెక్కే చక్కగా అక్కరకొస్తుంది.

ఆ లెక్కను ఖుర్ఆన్ 12వ అధ్యాయంలోని రెండు వాక్యాల మీద పెట్టి చూడండి. 58వ ఆయత్ ఇలా మొదలవుతుంది:

వ జాఅ ఇఖ్వతు యూసుఫ ఫ దఖలూ అలైహి

‘యూసుఫు సోదరులు వచ్చి ఆయన దగ్గరికి వెళ్ళారు.’ వచ్చినవాళ్ళు వాళ్ళే, లోపలికి వెళ్ళినవాళ్ళూ వాళ్ళే. అయినా ‘జాఅ’ ఏకవచనం, ‘దఖలూ’ బహువచనం. మొదటి క్రియకు కర్త వెనకే ఉన్న ‘ఇఖ్వతు’. రెండో క్రియ దగ్గరికి వచ్చేసరికి ఆ మాట గడిచిపోయింది, కాబట్టి ‘ఊ’ రావాల్సిందే. పాఠాల్లో వేరువేరు వాక్యాలుగా చూపే రెండు రూపాలూ అసలు గద్యంలో ఎక్కువగా ఇలా ఒకే వాక్యంలో, ముందొకటి తర్వాతొకటిగా కనిపిస్తాయి.

అదే అధ్యాయం 16వ ఆయత్ చూడండి:

వ జాఊ అబాహుమ్ ఇషాఅన్ యబ్కూన

‘రాత్రివేళ ఏడుస్తూ తండ్రి దగ్గరికి వచ్చారు.’ మాటల వరుసను మాత్రమే చూసేవాళ్ళు ఇక్కడ బోల్తా పడతారు. క్రియ ముందుంది, దాని వెనకే నామవాచకం ఉంది, అయినా ‘జాఊ’ బహువచనమైంది. వెనకున్న నామవాచకం కర్త కాదు మరి. అది ‘అబాహుమ్’, ద్వితీయా విభక్తిలో ఉంది. కర్త అయ్యుంటే ‘అబూహుమ్’ అని ఉండేది. కర్త ‘ఊ’ మాత్రమే. చదివేటప్పుడు దీన్ని తిరగేసి వాడుకోవచ్చు. క్రియ చివర ‘ఊ’ కనిపిస్తే, దాని తర్వాత వచ్చే నామవాచకాన్ని కర్తగా తీసుకోకండి, కర్మగానో మరో రకంగానో చూడండి. హ్రస్వ అచ్చుల గుర్తులు లేకుండా ముద్రించే అరబీలో విభక్తి చాలాసార్లు కంటికి కనబడదు కాబట్టి ఈ ఆధారం విలువైనది. భూతకాలంలో ఆ ‘ఊ’ను వావ్ అనే అక్షరం పక్కన పలకని అలిఫ్ అక్షరం పెట్టి రాస్తారు, గుర్తుపట్టడం తేలిక. క్రియకు కర్మ సర్వనామం అతుక్కుంటే మాత్రం ఆ అలిఫ్ పోతుంది.

రాసేటప్పుడు ఎక్కువ తప్పులు దొర్లేది ‘ఉండెను’ అనే అర్థమిచ్చే క్రియ ‘కాన’తో. ‘ఉపాధ్యాయులు రాస్తూ ఉండేవారు’ అంటే:

కాన అల్-ముదర్రిసూన యక్తుబూన

‘కాన’ ముందుంది, ఏకవచనం. ‘యక్తుబు’ నామవాచకం దాటాక వచ్చింది కాబట్టి ‘యక్తుబూన’ అయింది. రెండింటినీ ఒకేలా చేద్దామనే చాపల్యం గట్టిగా ఉంటుంది. కొందరు ‘కానూ’ అంటారు, ఇంకొందరు చివర ‘యక్తుబు’ దగ్గరే ఆగిపోతారు. దిద్దేటప్పుడు ప్రతి క్రియ దగ్గరా ఆగి ఒక్కటే అడగాలి: దీని కర్త తర్వాత నామవాచకంగా వచ్చిందా, లేదా? వచ్చిందంటే ‘ఊ’ తీసెయ్యాలి.

ఇక సూత్రం చేతులెత్తేసే చోట్లు. మనుషులు కానివాటి బహువచనానికి క్రియ ఎటున్నా స్త్రీలింగ ఏకవచనమే: కుక్కలు మొరిగాయి అంటే ‘నబహత్ అల్-కిలాబు’, ‘అల్-కిలాబు నబహత్’. ఇక్కడ ముందూ వెనకా తేడా వెతకడం దండగ. మూలరూపం లోపల మారి ఏర్పడే బహువచనాల ముందు లింగం కూడా సడలుతుంది. ఖుర్ఆన్ 12:30లో స్త్రీలు మాట్లాడితే ‘ఖాల నిస్వతున్’ అని పుంలింగం, 49:14లో ఎడారి అరబ్బులు మాట్లాడితే ‘ఖాలత్ అల్-అఅరాబు’ అని స్త్రీలింగం. మొదటిసారి చూస్తే అచ్చుతప్పేమో అనిపిస్తుంది. కాదు.

ముందొచ్చిన క్రియకూ బహువచనం పెట్టే మాండలికాలు పాతకాలంలోనూ ఉండేవి. వ్యాకర్తలు దానికి ఒక ఉదాహరణ వాక్యంతోనే పేరు పెట్టారు: ‘అకలూనీ అల్-బరాఘీసు’, అంటే గెంతి కుట్టే పురుగులు నన్ను తినేశాయి అని. 8వ శతాబ్దపు వ్యాకర్త సీబవైహి ఈ వాడుకను కొట్టిపారెయ్యలేదు. ఇలా మాట్లాడేవాళ్ళకు ‘ఊ’ సర్వనామం కాదనీ, ‘త్’ లాంటి గుర్తు మాత్రమేననీ చెప్పాడు. ఈనాటి గల్ఫ్ మాటనూ అలాగే అర్థం చేసుకోవచ్చు. అక్కడి దుకాణంలో బహువచనం వాడితే ఎవరూ ఏమీ అనుకోరు, అదే రూపం దరఖాస్తులో రాస్తే దిద్దుతారు.