ఆగిపోయిన కంటైనర్ కోసం ఏజెంటును అడగాలంటే: ఫోనా, వాట్సాపా, ఈమెయిలా?

పర్లాకిమిడిలో మా బాబాయికి జీడిపిక్కల యూనిట్ ఉంది. కాగితాలు, లెక్కలు నేను చూస్తాను. ఇక్కడి పిక్క చాలని నెలల్లో ఆఫ్రికా పిక్కను విశాఖ రేవు మీదుగా తెప్పిస్తాం. కంటైనర్ రేవులో ఆగిందంటే మాకు ఒక్క డబ్బు నష్టమే కాదు. లోపలి తేమ పైకప్పుకు పట్టి మళ్లీ బస్తాల మీద చుక్కలుగా పడుతుంది. పై వరస గోనె బస్తాలో చెయ్యి పెడితే వెచ్చగా, చెమ్మగా తగులుతుంది. శాంపిల్‌కి ఒక కిలో పిక్కలు కోసి చూస్తే పప్పు మీద నల్లమచ్చలు కనపడతాయి. 80 కిలోల బస్తాకు 47 పౌండ్ల పప్పు వస్తుందని కొన్న సరుకు, నాలుగు రోజులు ఎక్కువ ఉంటే ఆ లెక్కకు అందదు.

అందుకే కంటైనర్ ఆగితే, మా సరుకు రవాణా, రేవు పనులు చూసే ఏజెంటును, అంటే ఫార్వర్డర్‌ను, ఎలా అడగాలన్నది మాకు పెద్ద విషయం. బాబాయి ఫోన్ చేస్తాడు. మా అన్నయ్య వాట్సాప్ పెడతాడు. నేను ఈమెయిల్ రాస్తాను. మూడూ చూశాను కాబట్టి ఏది ఎందుకు పని చేస్తుందో చెబుతాను.

ఫోన్‌తో మొదలుపెడదాం. విశాఖ ఏజెంటు తెలుగువాడే, మాటామంతీ బాగుంటుంది. ఒడిశాలో ఉన్నవాళ్లకు అదో ధైర్యం. బాబాయి అడిగేది ఎప్పుడూ ఒకటే: "తమ్ముడూ, మన బండి ఎప్పుడొస్తుంది?" వచ్చే జవాబూ ఒకటే: "కస్టమ్స్‌లో ఉందండీ, రేపటికి అయిపోతుంది." అతను అబద్ధమాడుతున్నాడని నేను అనను. అతని చేతిలో చాలా ఫైళ్లుంటాయి. ఫోన్‌లో పేరు వినగానే నిన్న గుర్తున్నది చెబుతాడు. అతని మనుషుల్లో ఒకరు కస్టమ్స్ హౌస్‌లో, ఒకరు షిప్పింగ్ లైన్, అంటే ఓడ కంపెనీ, ఆఫీసులో, ఇంకొకరు కంటైనర్లు దింపే సీఎఫ్ఎస్ యార్డులో తిరుగుతుంటారు. అసలు సంగతి వాళ్ల దగ్గర ఉంటుంది. మన గొంతు వాళ్లదాకా వెళ్లదు.

వాట్సాప్‌లో అయితే అన్నయ్య సరుకు ఓడకెక్కినట్టు ఇచ్చే రసీదు, అంటే బిల్ ఆఫ్ లేడింగ్, ఫోటో తీసి "సార్, దీని స్టేటస్ చెప్పండి" అని పంపుతాడు. నీలం టిక్కులు పడతాయి. ఆయన యార్డు గేటు దగ్గర నిలబడి చూస్తాడు, ఆ వెనకే మరో పది మెసేజ్‌లు వచ్చి అది పైకి పోతుంది. ఫోటోలో 3కి, 8కి తేడా తెలియదు. నంబర్ కాపీ చేసుకోవడం కూడా కుదరదు. సీలు పగిలిందా, బస్తాలు తడిశాయా, గేట్ పాస్ వచ్చిందా చూపించడానికి మాత్రం వాట్సాప్‌ను మించింది లేదు. దానికే వాడుకుంటే మేలు.

ఈమెయిల్ నెమ్మది అంటారు. ఆగిపోయిన సరుకు విషయంలో అదే త్వరగా పని చేస్తుందని నా అనుభవం. కారణం సులువు. ఏజెంటు మన ఉత్తరాన్ని ఒక్క అక్షరం మార్చకుండా షిప్పింగ్ లైన్‌కు, అటువైపు ఎగుమతి రేవులోని తన ఏజెంటుకు ఫార్వర్డ్ చేయగలడు. మనం సరిగ్గా రాస్తే ఆయన పని సగం తగ్గుతుంది. కాకపోతే ఆ ఉత్తరంలో సరైన నంబర్ ఉండాలి, సరైన ప్రశ్న ఉండాలి. ఇవి లేని ఈమెయిల్ కన్నా ఫోనే నయం.

నంబర్ల దగ్గర చాలామంది తప్పటడుగు వేస్తారు. ఒకే సరుకుకు రెండు బిల్ ఆఫ్ లేడింగ్‌లు ఉండవచ్చు. ఓడ కంపెనీ మన ఏజెంటు పేరున ఇచ్చేది మాస్టర్ బీఎల్. ఏజెంటు తన తరఫున మనకు ఇచ్చేది హౌస్ బీఎల్. మన చేతిలో ఉండేది సాధారణంగా హౌస్ బీఎల్. దాని నంబర్‌ను ఓడ కంపెనీ వెబ్‌సైట్‌లో కొడితే ఏమీ రాదు. "కంటైనరే లేదంటోంది!" అని మొదటిసారి నేనూ కంగారుపడ్డాను. అక్కడ కొట్టాల్సింది మాస్టర్ బీఎల్ నంబర్ గానీ కంటైనర్ నంబర్ గానీ. కస్టమ్స్‌లో ఈ రెండింటికన్నా, దిగుమతి కోసం అక్కడ దాఖలు చేసే బిల్ ఆఫ్ ఎంట్రీ నంబర్, దాని తేదీ ముఖ్యం. ఆ రెండూ ఉంటే కస్టమ్స్ వారి ICEGATE సైట్‌లో విశాఖ రేవు కోడ్ INVTZ1 ఇచ్చి ఫైల్ ఎక్కడుందో మనమే చూసుకోవచ్చు. ఏజెంటు ఆఫీసులోనేమో వాళ్లు పెట్టుకున్న జాబ్ నంబర్ చెబితే ఫైల్ వెంటనే దొరుకుతుంది. ఏ కిటికీ దగ్గర ఏ నంబర్ పలుకుతుందో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది.

కంటైనర్ నంబర్‌ను తప్పు రాశామో లేదో మనమే పరీక్షించుకోవచ్చు. నాలుగు అక్షరాలు, ఆరు అంకెలు, చివర ఒక పరీక్ష అంకె ఉంటాయి. ఉదాహరణగా తరచూ చూపించే CSQU3054383 తీసుకోండి. ప్రతి అక్షరానికీ ఒక విలువ ఉంది (C కి 13, S కి 30, Q కి 28, U కి 32). మొదటి పది స్థానాల విలువలను వరసగా 1, 2, 4, 8 అని రెట్టింపవుతూ పోయే సంఖ్యలతో గుణించి కూడితే 6185 వస్తుంది. దాన్ని 11తో భాగిస్తే మిగిలేది 3. చివరి అంకె 3 కాబట్టి నంబర్ సరైనదే. ఇప్పుడు ఫోన్‌లో విన్న హడావుడిలో 0, 5 తారుమారై CSQU3504383 అని రాసుకున్నామనుకోండి. మొత్తం 6025 అవుతుంది, శేషం 8. చివర 3 ఉంది, పొసగదు. చేత్తో లెక్క వేయక్కర్లేదు, ఈ పరీక్ష చేసిపెట్టే సైట్లు ఉన్నాయి. నోటిమాటగా విన్న నంబర్‌ను ఉత్తరంలోకి ఎక్కించే ముందు నేను తప్పకుండా ఇలా చూసుకుంటాను.

ఇక మాకు జరిగింది చెబుతాను. మా కంటైనర్ 3వ తేదీన ఓడ దిగింది. తన కంటైనర్‌కు అద్దె అడగకుండా లైన్ ఇచ్చిన ఉచిత గడువు 14 రోజులు, అంటే 17 వరకు. మొక్కల క్వారంటైన్ విడుదల వచ్చింది, సుంకం కట్టాం, 9న కస్టమ్స్ ఔట్ ఆఫ్ చార్జ్, అంటే సరుకు తీసుకెళ్లవచ్చన్న అనుమతి, కూడా ఇచ్చేసింది. ICEGATE లో నేనే చూశాను. అయినా 12వ తేదీ పొద్దున బాబాయి ఫోన్ చేస్తే "కస్టమ్స్‌లో ఉందండీ" అనే మాటే. అప్పుడు కూర్చుని ఈమెయిల్ రాశాను. సబ్జెక్ట్‌లోనే జాబ్ నంబర్, హౌస్, మాస్టర్ బీఎల్ నంబర్లు, కంటైనర్ నంబర్, "ఉచిత గడువు 17తో ముగుస్తుంది" అని పెట్టాను. లోపల ఇంతే:

"ఫలానా బిల్ ఆఫ్ ఎంట్రీకి 9వ తేదీన ఔట్ ఆఫ్ చార్జ్ అయింది. కస్టమ్స్ వైపు పెండింగ్ ఏమీ కనపడటం లేదు. షిప్పింగ్ లైన్ డెలివరీ ఆర్డర్ ఇచ్చిందా? ఇవ్వకపోతే ఏ కాగితం కోసం, ఎవరి దగ్గర ఆగిందో ఈ రోజు 2 గంటలలోపు రాయండి. దీనితోపాటు మూడు రోజుల గడువు పొడిగింపు కోసం లైన్‌కు ఈ రోజే అర్జీ పెట్టి, నాకు కాపీ పంపండి."

పంపిన పది నిమిషాలకు ఫోన్ చేసి, "అన్నా, మెయిల్ పంపాను, అందులో ఒక్క ప్రశ్నే ఉంది, కొంచెం చూడు" అన్నాను. ఒంటిగంటకల్లా జవాబు వచ్చింది. అటువైపు రేవులో ఏజెంటు మాస్టర్ బీఎల్‌ను లైన్‌కు తిరిగి అప్పగించలేదు, అంటే సరెండర్ చేయలేదు. ఆ సందేశం రానిదే విశాఖలో లైన్, కంటైనర్‌ను మనకు వదలమనే డెలివరీ ఆర్డర్ ఇవ్వదు. నాలుగు రోజులుగా మేం కస్టమ్స్‌ను తిట్టుకుంటున్నాం, ఆగింది ఆఫ్రికాలో! మా ఉత్తరం కాపీ చేసి అక్కడికి పంపారు. 13 సాయంత్రం సరెండర్ అయింది, 14న డెలివరీ ఆర్డర్ చేతికొచ్చింది, 15న బండి రేవు దాటింది.

"ఎప్పుడొస్తుంది" అన్న ప్రశ్నకు తేదీ చెప్పి తప్పించుకోవచ్చు. "ఏ కాగితం, ఎవరి దగ్గర" అంటే జవాబు చెప్పడానికి ఫైల్ తెరవాల్సిందే. నేను ఈమెయిల్ వైపు మొగ్గు చూపడానికి ముఖ్య కారణం ఇదే. రాసేటప్పుడు ప్రశ్నను మనమే ముందు తేల్చుకోవాలి, ఏది అయిపోయిందో ఏది మిగిలిందో చూసుకోవాలి. ఫోన్‌లో ఆ తీరిక ఉండదు.

గడువు పొడిగింపు ఎందుకు అడిగానో కూడా చెప్పాలి. మన యూనిట్‌కు కంటైనర్‌తో సహా తెచ్చుకుంటే, గడువు దాటాక లైన్ తన కంటైనర్‌కు వేసే రుసుము, అంటే డిటెన్షన్, లెక్క కంటైనర్ రేవు దాటిన రోజుతో ఆగదు, ఖాళీ డబ్బా తిరిగి లైన్ యార్డుకు చేరే వరకు నడుస్తుంది. 17న బండి బయటికొస్తే సంతోషించేవాళ్లు ఈ మాట మరచిపోతారు. పర్లాకిమిడి వచ్చి, బస్తాలు దించి, డబ్బా వెనక్కి వెళ్లడానికి మాకు మూడు రోజులు పడుతుంది. యార్డు అద్దె వేరే మీటరు, అది సీఎఫ్ఎస్‌కు కట్టేది. గడువు ముగియకముందే పొడిగింపు అడిగితే లైన్ కొంత వింటుంది, బిల్లు పడ్డాక అడిగితే వినడం కష్టం. మాకు రెండు రోజులు ఇచ్చారు. ఖాళీ డబ్బా 18న చేరింది, డిటెన్షన్ పడలేదు. యార్డు అద్దె మాత్రం కట్టాం.

ఏజెంటును పక్కనపెట్టి నేరుగా ఓడ కంపెనీకే రాస్తే పోదా అని అన్నయ్య అడిగాడు. మాస్టర్ బీఎల్‌లో సరుకు అందుకునేవారిగా ఉన్నది ఏజెంటు పేరు, మనది కాదు. మన ఉత్తరానికి వాళ్లు సాధారణంగా "మీ ఫార్వర్డర్‌ను అడగండి" అనే అంటారు. బీఎల్ నేరుగా మన పేరున ఉంటే అది వేరే సంగతి, అప్పుడు లైన్‌కే రాయాలి.

ఈమెయిల్ ఓడిపోయే వేళలు కూడా ఉన్నాయి. శనివారం మధ్యాహ్నం లారీ యార్డు గేటు దగ్గర నిలబడి ఉంది, లోపలివాళ్లు గేట్ పాస్‌లో బండి నంబర్ తప్పంటున్నారు: అప్పుడు ఫోనే. గడువు ఆఖరి రోజు సాయంత్రమూ ఫోనే, తర్వాత మాట్లాడింది రెండు లైన్లలో మెయిల్‌గా రాసి పెట్టుకోవాలి. ఇక ICEGATE లో కస్టమ్స్ క్వెరీ అని కనిపిస్తే ఏజెంటును ఏ దారిలో తరిమినా లాభం లేదు. అడిగిన కాగితం, అంటే ఇన్వాయిస్‌కు రుజువో, కాంట్రాక్టో, మన దగ్గర నుంచే వెళ్లాలి. మాకు ఒకసారి అలా ఆగితే ఆ కాగితం బాబాయి బీరువాలోనే దొరికింది.