సిల్వర్, గోల్డ్ పేజీయా? కౌంటర్ల లెక్క పేజీయా?

మిర్యాలగూడలో ఎరువుల దుకాణం నడిపే ఆయన మొదటిసారి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొంటున్నాడనుకుందాం. దుకాణంలో రెండు కౌంటర్లు, రోజుకు 40 బిల్లులు, అంటే నెలకు 1,200. ఆయన ముందు ప్లాన్లు, ధరలు చూపే వెబ్ పేజీలు రెండున్నాయి.

మొదటి పేజీలో సిల్వర్, గోల్డ్, ప్లాటినం ఉంటాయి. కింద పొడవాటి టిక్కుల పట్టిక, సగం వరుసల్లో మూడింటికీ టిక్కే. మరి తేడా ఎక్కడ? సిల్వర్‌కు ‘నెలకు 1,000 ట్రాన్సాక్షన్లు’ అని రాశారు. వాపసు కూడా ట్రాన్సాక్షనేనా? 1,001వ బిల్లు దగ్గర మిషన్ ఆగిపోతుందా? అదేమీ చెప్పరు. ఫోన్ చేసి అడిగే ఓపిక అందరికీ ఉండదు.

రెండో పేజీలో ప్లాన్ల పేర్లు ‘ఒక కౌంటర్’, ‘మూడు కౌంటర్ల వరకు’, ‘బ్రాంచీలు’. అన్నిటిలో ఉండేవి పైన ఒక్కసారే చెప్పి, పట్టికలో తేడాలే ఉంచారు. రెండో ప్లాన్ కింద ఇలా ఉంది: ‘ఏడాదికి 18,000 బిల్లులు. వాపసులు లెక్కలోకి రావు. దాటినా బిల్లింగ్ ఆగదు, పై ప్లాన్‌కు మారమని అడుగుతాం.’ ఆయనకు ఏడాదికి 14,400 చాలు. వానాకాలం సాగు మొదలై బిల్లులు పెరిగినా టెన్షన్ లేదు, నెలవారీ పరిమితైతే ఆ నెలలోనే తగులుకునేది. ధర పక్కనే 18 శాతం జీఎస్టీ కలిపిన మొత్తమూ ఉంది.

నా ఓటు రెండోదానికే. ఇబ్బంది ఒకటే: రేపు కంపెనీ ఆ ప్లాన్ పరిమితిని మూడు కౌంటర్ల నుంచి ఐదుకు పెంచితే ప్లాన్ పేరూ మార్చాలి.