కెటిల్ కార్డా, ఎనిమిది కార్డా: అదనంగా ఒకటి కొనిపెట్టుకోవాలంటే ఏది మేలు?

"ప్రింటర్ వైరు ఎలుక కొరికింది, ఏది కొనాలె?" "రైస్ కుక్కర్ వైరు దొరుకుతలేదు, కంప్యూటర్‌ది పెట్టొచ్చా అన్నా?" తెలిసినవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగేది ఈ రెండే. హన్మకొండ చౌరస్తాలో ఏ ఎలక్ట్రికల్ షాపులో అడిగినా ఈ కరెంటు వైర్లు కెటిల్ కార్డు, ఎనిమిది కార్డు అని రెండు రకాలూ దొరుకుతయి. గోడకు పెట్టే ప్లగ్గును కాదు, వస్తువులో దూర్చే కొసను చూసి కొనాలె.

మూడు పలుచని రంధ్రాలు, ఒక పక్క రెండు మూలలు చెక్కినట్టున్న పెట్టె ఆకారం ఉంటే అది కెటిల్ కొస. పాత కంప్యూటర్ సీపీయూ, చాలా మానిటర్లు, లేజర్ ప్రింటర్లు, యూపీఎస్‌లు, పెద్ద యాంప్లిఫయర్లు దీన్నే తీసుకుంటయి. రెండే రంధ్రాలుండి, ఎనిమిది అంకెను అడ్డంగా పడుకోబెట్టినట్టుంటే అది రెండోది. రేడియోలు, టేప్ రికార్డర్లు, డీవీడీ ప్లేయర్లు, చాలా ఎల్‌ఈడీ టీవీలు, ఇంట్లో వాడే ఇంక్ ప్రింటర్లు దీనివి. ప్రింటర్ అనగానే ఒకే వైరు అనుకోవద్దు: లేజర్‌కు సాధారణంగా కెటిల్ కొస, చిన్న ఇంక్ ప్రింటర్‌కు ఎక్కువగా ఎనిమిది.

నా లెక్కలో అసలు తేడా ఆ మధ్య రంధ్రమే. అది ఎర్త్. ఎనిమిది కార్డుతో నడిచే వస్తువులకు లోపల రెండు పొరల ఇన్సులేషన్ ఉంటది కాబట్టి వాటికి ఎర్త్ అక్కర్లేదు. వెనక స్టిక్కర్ మీద చదరంలో చదరం గుర్తు కనబడితే అదే అర్థం. సీపీయూకు అట్ల కుదరదు, దాని ఇనుప డబ్బాను ఎర్త్‌తోనే కాపాడాలె. దాని పవర్ సప్లయ్‌లో ఫేజు నుంచి, న్యూట్రల్ నుంచి డబ్బాకు చిన్న కెపాసిటర్లు ఉంటయి. ఎర్త్ ఉంటే ఆ కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోతది. లేకుంటే డబ్బా మీద సగం వోల్టేజీ, అంటే 115 వోల్టుల దాకా నిలుస్తది. చెయ్యి పెడితే జివ్వుమనేది అందుకే. కరెంటు తక్కువ కాబట్టి అది జివ్వుమనడంతోనే ఆగుతది. కానీ లోపల ఫేజు వైరు ఊడి డబ్బాకు తగిలితే పూర్తి 230 వోల్టులు డబ్బా మీదికొస్తయి, ఎర్త్ లేదు కాబట్టి ఫ్యూజు కూడా కొట్టదు.

అందుకే కొత్త కెటిల్ కార్డును వాడేముందు మల్టీమీటర్‌తో చూడమంటాను. కొన్ని చౌక కార్డుల్లో ప్లగ్గుకు మూడు పిన్నులుంటయి గాని లోపల మూడో తీగ ఉండదు. కార్డును ఎక్కడా పెట్టకుండా చేతిలోనే ఉంచుకొని, మీటరును బీప్ గుర్తు దగ్గర పెట్టండి. మీటరు వైర్లలో ఒకదాని కొసను ప్లగ్గు లావు పిన్నుకు, రెండోదాన్ని కార్డు మధ్య రంధ్రంలోకి ఆనించండి. బీప్ రావాలె. లావు పిన్ను దగ్గరి మీటరు కొసను కదపకుండా, రెండోదాన్ని మిగతా రెండు రంధ్రాల్లో పెడితే రావొద్దు. మొదటి పరీక్షలో చప్పుడు లేకపోతే ఆ కార్డును షాపులో తిరిగి ఇచ్చేయండి. గోడ బోర్డుకే ఎర్త్ లేకపోతే మాత్రం ఏ కార్డూ ఏమీ చెయ్యలేదు, పాత ఇండ్లల్లో ముందు ఎలక్ట్రీషియన్‌తో అది చూపించుకోవాలె.

ఇక రైస్ కుక్కర్ సంగతి. ఎనిమిది కొస 2.5 ఆంపియర్లకు, మన కరెంటు మీద దాదాపు 575 వాట్లకు చేసింది. 700 వాట్ల కుక్కర్ 3 ఆంపియర్లు లాగుతది కాబట్టి అది దీని పని కాదు. కెటిల్ కొస 10 ఆంపియర్లది, కానీ దాన్లోనూ రెండున్నయి. కంప్యూటర్‌తో వచ్చేది 70 డిగ్రీల వేడి దాకా, సీ13 అంటారు. వేడి వస్తువులది 120 డిగ్రీల దాకా, సీ15 అంటారు. దీనికి ఎర్త్ రంధ్రానికి ఎదురు పక్క చిన్న గాడి ఉంటది. వేడెక్కే వస్తువు సాకెట్‌లో ఆ గాడికి సరిపోయే గట్టు ఉంటే కంప్యూటర్ వైరు దూరదు. చాకుతో చెక్కి దూర్చేవాళ్లున్నరు. ఆ గట్టు పెట్టిందే తక్కువ వేడి తట్టుకునే వైరును ఆపడానికి. చెక్కి పెడితే ప్లాస్టిక్ మెత్తబడి, రంధ్రాలు వదులై, నల్లబడుతయి.

గాడి ఉన్న కార్డు మాత్రం కంప్యూటర్‌లోకి కూడా సుఖంగా పోతది. ఇంట్లో అదనంగా ఒకటే ఉంచుకోవాలంటే నేను దాన్నే కొంటాను. ప్లగ్గు మీద 6 ఆంపియర్లు రాసుంటే, కొస 10 అన్నా సరే, ఆ కార్డును 6 దాకే నమ్మాలె. ఎనిమిది కార్డు చౌకే, టీవీ పాడైన రోజు కొనుక్కోవచ్చు. కొన్నింటికి ఒక చివర గుండ్రంగా కాకుండా చదునుగా ఉంటది, అది మామూలు ఎనిమిది సాకెట్‌లో పట్టదు. ల్యాప్‌టాప్ ఛార్జర్లకు చాలావాటికి మూడాకుల కొస వేరే ఉంది, ఈ రెంటితో దానికి పని లేదు.