కార్తీకం కొలాబ్ మెయిల్: నెలంతానా, పక్షమేనా?

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉన్న చిన్న తెలుగు భక్తి ఛానల్, ఒడియా ఛానల్‌ను కలిసి సిరీస్ చేద్దామని అడగాలి. మెయిల్ రెండు రకాలుగా రాయొచ్చు.

మొదటిది: "కార్తీకం 30 రోజులూ రోజుకో వీడియో." వినడానికి ఘనంగా ఉంటుంది కానీ తేదీల దగ్గరే బెడిసికొడుతుంది. ఒడియావాళ్ల కార్తీకం ఆశ్వయుజ పౌర్ణమి మర్నాడే మొదలై కార్తీక పౌర్ణమితో ముగుస్తుంది. మనది దీపావళి అమావాస్య దాటాకే మొదలవుతుంది. వాళ్లు ఒంటిపూట సాత్విక భోజనంతో హబిస నియమంలో ఉన్నప్పుడు మనకింకా ఆశ్వయుజ బహుళం. మన చివరి కార్తీక సోమవారాల నాటికి వాళ్లకు మార్గశిరం వచ్చేసి, లక్ష్మీ గురువారాల హడావిడి.

రెండోది: "పాడ్యమి నుంచి పౌర్ణమి దాకా శుక్లపక్షమే చేద్దాం. ఏకాదశి నుంచి మీ ఐదు రోజుల పంచుక మీ ఛానల్లో, క్షీరాబ్ది ద్వాదశి మా ఛానల్లో. పౌర్ణమి తెల్లవారుజామున చిన్న పడవలు నీట వదిలే మీ బొయిత బందాణ, సాయంత్రం మా జ్వాలాతోరణం, రెండూ కలిపి ఒకే వీడియో."

నా ఓటు దీనికే. ఎపిసోడ్లు సగమైనా ప్రతి రోజూ ఇద్దరి ప్రేక్షకులకూ పండగే. అయితే ఆ పౌర్ణమి వీడియో ఎవరి ఛానల్లో పెడతారో, దాని ఆదాయం ఎవరిదో మెయిల్లోనే రాసేయాలి. పేచీ వచ్చేది అక్కడే.