అందరికీ కలిపి నమస్కారమా, హోదా వరుసలోనా?

రోడ్డు పని బిల్లు గురించి కాంట్రాక్టర్ ముగ్గురు ఇంజినీర్లకు, అంటే హోదా వరుసలో ఈఈ, డీఈఈ, ఏఈఈలకు ఒకే మెయిల్ రాయాలనుకోండి. ‘అందరికీ నమస్కారం’ అంటే వరుస తప్పుతుందన్న టెన్షన్ ఉండదు. కానీ కింద, పని కొలతలు రాసే ఎం-బుక్ గురించి ‘ఎం-బుక్ సంగతి చూడగలరు’ అని వదిలేస్తే ముగ్గురూ పక్కవాళ్లు చూస్తారులే అనుకుంటారు.

‘ఈఈ గారికి, డీఈఈ గారికి, ఏఈఈ గారికి నమస్కారం’ అంటే మర్యాదగా ఉంటుంది. చిక్కేమిటంటే, కొలతలు నమోదు చేయాల్సిన ఏఈఈ చివర పడతారు. అయినా ముగ్గురికైతే నేను దీన్నే ఎంచుకుంటాను. పది మందికైతే మొదటిదే. హోదా వరుసను పలకరింపుతోనే ఆపేసి, పనిని విడిగా, జరగాల్సిన క్రమంలో రాయాలి: ‘ఏఈఈ గారు శుక్రవారంలోగా కొలతలు నమోదు చేయగలరని మనవి. తర్వాత డీఈఈ గారు సరిచూడగలరు. ఈఈ గారికి ప్రస్తుతానికి సమాచారం కోసమే.’