లిక్విఫైతో నవ్వు కలపడం: ఏళ్ల వాడకం తర్వాత నా అనుభవం

అమలాపురం దగ్గర మాకు ఫోటో స్టూడియో ఉంది. ఫోటోలోని భాగాల్ని నెట్టి, సాగదీసి ఆకారం మార్చే ఫిల్టరే లిక్విఫై. ముఖాన్ని తనంతట తానే గుర్తుపట్టే లిక్విఫై ఫోటోషాప్‌లోకి 2016లో వచ్చింది. అప్పటి నుంచీ పెళ్లి గ్రూపు ఫోటోలకు వాడుతున్నాను. పదిహేను మందిలో ఒకరి ముఖం పాడైతే, వేరే ఫ్రేములోంచి తెచ్చి అతికిస్తాం. చిక్కంతా నవ్వు దగ్గరే.

ఈమధ్య ఒక పెళ్లిలో అందరూ బాగా పడిన ఫ్రేములో అమ్మమ్మగారు తల కదిపారు. ముఖం చెదిరినా నిండుగా నవ్వుతున్నారని తెలుస్తోంది. తర్వాతి ఫ్రేములో ముఖం స్పష్టంగానే ఉంది, కానీ పళ్లు కాస్తే కనిపించే చిన్న నవ్వు. అలాగే పెడితే బుగ్గల అంచులు కలవవు.

ముందు ఆ ముఖాన్ని స్మార్ట్ ఆబ్జెక్ట్ చేసుకున్నాను. అప్పుడు లిక్విఫైలో చేసింది ఎప్పుడైనా మళ్లీ తెరిచి తగ్గించుకోవచ్చు. ఓపాసిటీ సగానికి తగ్గించి, కళ్ల లోపలి మూలలు, ముక్కు పైభాగం కింది ఫోటోతో కలిపాను. నవ్వినా పెద్దగా కదలనివి అవే. పెదవుల కొసలు పట్టుకుని కొలిస్తే తల సైజే తప్పిపోతుంది.

తర్వాత Smile స్లైడర్ 25 దాకా, Mouth Width కొంచెం జరిపాను. పెదవులు చక్కగా కలిశాయి. పని అయిపోయిందనుకుని వాళ్లమ్మాయికి చూపించాను.

"మా అమ్మ ఇలా నవ్వదండీ. నవ్విందంటే కళ్లు సగం మూసుకుపోతాయి" అన్నారావిడ.

ఫోటోలో నోటి మీద చెయ్యి అడ్డం పెట్టి చూశాను. పైన మిగిలిన ముఖం నవ్వడం లేదు. ఆ స్లైడర్ పెదవుల కొసలు లేపుతుందే గానీ బుగ్గల్ని, కింది రెప్పల్ని నవ్వించదు. పళ్లు, ముక్కుపుటాలు కదలకుండా Freeze Mask వేసి, బుగ్గంత పెద్ద బ్రష్‌తో, ప్రెషర్ బాగా తగ్గించి, Forward Warp తో బుగ్గల్ని పైకి, కాస్త పక్కకి నెట్టాను. చిన్న బ్రష్‌తో సాగదీస్తే చర్మం మీద గీతలు వంకర్లు పోతాయి, ముక్కుపుడక కోలగా అయిపోతుంది. ఆవిడ ముక్కుపుడకనే చూస్తూ పని చేశాను. కింది రెప్పలు రెండు మూడు పిక్సెల్స్ లేపేసరికి ఆవిడ కళ్లు వచ్చేశాయి.

ముక్కు పక్క నుంచి నోటి దాకా పడే మడత నీడ మాత్రం లిక్విఫై ఇవ్వదు. అది వేరే లేయర్‌లో మెత్తని బ్రష్‌తో, డాడ్జ్, బర్న్‌తో వేయాల్సిందే. పెదవులు మూసుకున్న ముఖాన్ని పళ్లు కనిపించే నవ్వుగా మార్చడం దీని వల్ల అసలు కాదు. ఉన్న పిక్సెల్స్‌ను జరుపుతుంది, లేని పళ్లు తేలేదు. అందుకే ఇప్పుడు గ్రూపు తీసేటప్పుడు అందరూ గట్టిగా నవ్వాక మరో నాలుగు ఫ్రేములు ఎక్కువ తీస్తున్నాను.